డబ్బా మీది చిందు, డబ్బాలోని రంగు

హార్డ్‌వేర్ షాపు అరలో రెండు ఎనామిల్ డబ్బాలు పక్కపక్కన ఉన్నాయనుకోండి. ఒకదాని మీద సిగ్నల్ రెడ్ అని, రెండోదాని మీద పోస్టాఫీస్ రెడ్ అని రాసి ఉంటుంది. రెండు లేబుళ్ల మీదా గాల్లోకి ఎగసిన ఎర్రరంగు చిందు బొమ్మే. గేటుకు రంగు వేయిద్దామని వచ్చిన మనిషి రెండింటినీ చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసినా తేడా కనబడదు. మూతలు తీస్తే మాత్రం తేడా ఉంది. ఎనామిల్ రంగుల షేడ్లకు మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 5లో అవి 537, 538 నంబర్లున్న రెండు వేర్వేరు ఎరుపులు. డబ్బాలో రంగు నింపినవాళ్లు ఆ తేడాను కాపాడారు. లేబుల్ అచ్చు వేసిన చోట అది పోయింది.

ఇలా పోవడానికి అచ్చువేసేవాళ్ల అశ్రద్ధ ఒక్కటే కారణం కాదు. పెయింటూ, అచ్చు సిరా వేర్వేరు జాతుల పదార్థాలు. ఒకదానితో ఇంకొకదాన్ని అనుకరించడం వినేవారికి చిన్న పనిలా ఉంటుంది గానీ, ప్యాకేజింగ్ రంగంలో ఉన్నవాళ్లకు అదొక పెద్ద తలనొప్పి.

రంగు డబ్బా మీద ఒలికే రంగును చూపించడం పాత అలవాటే. అమెరికన్ కంపెనీ షెర్విన్ విలియమ్స్ భూగోళం మీద ఎర్రరంగు కుమ్మరిస్తున్న డబ్బా బొమ్మను వందేళ్లకు పైగా తన గుర్తుగా వాడుతోంది. మన దగ్గర ఏషియన్ పెయింట్స్ కోసం 1954లో ఆర్.కె. లక్ష్మణ్ గీసిన గట్టు చేతిలోనూ బ్రష్షూ, రంగు కారుతున్న డబ్బా ఉంటాయి. ఆ బొమ్మల్లో ఒలికే రంగు కంపెనీ గుర్తులో భాగం. లోపల నీలం ఉన్నా పచ్చ ఉన్నా బయట అదే బొమ్మ ఉంటుంది, దాన్ని చూసి షేడ్ ఎంచుకునేవారు ఎవరూ లేరు. చిందు పక్కనే షేడ్ పేరు వచ్చి చేరినప్పుడు వ్యవహారం మారింది. ‘డీప్ ఆరెంజ్’ అని రాసి, పక్కన నారింజ రంగు చిమ్మినట్టు చూపిస్తే, లోపల ఉన్నది ఇదేనని కంపెనీ చెప్పినట్టే. కొనేవాడు అలాగే అర్థం చేసుకుంటాడు.

గేటు మీద వేసిన ఒక పూత ఎనామిల్ ఆరాక దాదాపు 25 నుంచి 35 మైక్రాన్ల మందం ఉంటుంది. లేబుల్ మీద ఆఫ్‌సెట్ యంత్రం వేసే సిరా ఆరాక మిగిలేది ఒక మైక్రాన్ చుట్టుపక్కల. అంత పలచని పొర కింద ఉన్నదాన్ని కప్పలేదు. అది తెల్లకాగితం మీద పరిచిన రంగు జిలుగు కాగితం లాంటిది. వెలుగు దాని గుండా దూరి, కింది తెలుపుకు తగిలి, తిరిగి దాని గుండానే బయటికి వస్తుంది. పెయింట్ తన రంగును తానే చూపిస్తుంది. సిరా కింది తెలుపును అరువు తెచ్చుకుంటుంది.

అందుకే చిందు రంగు సరిగా రావాలంటే మొదట చూడాల్సింది సిరాను కాదు, దాని కింద ఉన్న తెలుపును. రేకు డబ్బాలకు ముందు తెల్లపూత వేసి, దాన్ని 150 డిగ్రీలు దాటిన ఓవెన్‌లో కాల్చి, ఆ తర్వాతే అచ్చు వేస్తారు. పూత పలచబడితే రేకు బూడిద ఛాయ పైకి తేలి, ఏ రంగైనా మసకేస్తుంది. రేకు ఓవెన్‌లోకి ఎక్కువసార్లు వెళ్లినా, వేడి ఎక్కువైనా తెలుపు పసుపు తిరుగుతుంది. పసుపు తిరిగిన తెలుపు మీద లేత నీలం అచ్చు వేస్తే అది ఆకుపచ్చ వైపు జరుగుతుంది. అప్పుడు ‘స్కై బ్లూ’ డబ్బా మీద చిందు సముద్రపు రంగులో కనబడుతుంది. సిరా తూకం ఎంత సరిగా ఉన్నా లాభం లేదు.

ప్లాస్టిక్ బకెట్లది ఇంకో కథ. ఇప్పుడు చాలావాటికి లేబుల్ అతికించరు. ముందే అచ్చయిన పలచని ప్లాస్టిక్ ఫిల్మ్‌ను అచ్చు మూసలో పెట్టి, దాని వెనకనుంచి కరిగిన పాలిప్రొపిలిన్ పోస్తారు. బకెట్టూ లేబులూ ఒకటైపోయి వస్తాయి. అక్కడ కింది తెలుపు అంటే ఆ ఫిల్మ్ తెలుపే. బకెట్ లేత నీలమో క్రీమో అయి ఫిల్మ్ పూర్తిగా కప్పకపోతే ఆ ఛాయ కూడా పైకి వస్తుంది.

ఇక సిరా సంగతి. పత్రికలూ, పెళ్లి కార్డులూ, గోడ క్యాలెండర్లూ అచ్చయ్యేది నాలుగు రంగులతో: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. ఈ నాలుగూ చిన్న చిన్న చుక్కలుగా పడి, కంటికి వందల రంగులుగా కనిపిస్తాయి. కాని వీటికి అందని రంగులూ ఉన్నాయి. నిగారించే నారింజ, ముదురు ఊదా, చిలకపచ్చ, గాఢమైన రాయల్ బ్లూ నాలుగు రంగుల అచ్చులో ఎప్పుడూ కాస్త నీరసంగానే వస్తాయి. రంగు కంపెనీలు మాత్రం తమ పెయింట్‌ను ఖరీదైన పిగ్మెంట్లతో సరిగ్గా ఆ నిగారింపు కోసమే తయారుచేస్తాయి.

ఒక డీప్ ఆరెంజ్ ఎనామిల్ డబ్బాను తీసుకుని పని ఎలా నడుస్తుందో చూద్దాం. అంకెలు ఉదాహరణకు అనుకున్నవే గానీ, ఈ రంగు దగ్గర పరిస్థితి ఇలాగే ఉంటుంది.

మొదటి అడుగు కంప్యూటర్ ముందు పడదు. పెయింట్ ల్యాబ్‌లో సగం తెలుపు, సగం నలుపు ఉన్న కార్డు మీద కొలిచిన మందంలో ఎనామిల్‌ను లాగి పూత వేస్తారు. నలుపు భాగం మీద కూడా అదే రంగు కనబడుతోందంటే పూత పూర్తిగా కప్పినట్టు. దాన్ని ఒక రోజంతా ఆరనిచ్చి, స్పెక్ట్రోఫోటోమీటర్ అనే పరికరంతో కొలుస్తారు. అది మూడు అంకెలు ఇస్తుంది. మొదటిది రంగు ఎంత వెలుగు, ఎంత చీకటి అని చెబుతుంది. రెండోది ఎరుపు వైపా, ఆకుపచ్చ వైపా. మూడోది పసుపు వైపా, నీలం వైపా అన్నది. మన నారింజకు 58, 60, 66 వచ్చాయనుకుందాం.

ఇప్పుడు నాలుగు రంగుల అచ్చుతో ఎంత దగ్గరికి పోగలమో చూస్తే 60, 50, 60 దగ్గర ఆగిపోతుంది. రెండు రంగుల మధ్య దూరాన్ని డెల్టా ఇ అంటారు. మూడు తేడాలు 2, 10, 6. వాటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే దాదాపు 12. పక్కపక్కన పెట్టిన రెండు మచ్చల మధ్య దూరం 1 దాటితే పనిలో ఆరితేరిన కన్ను పసిగడుతుంది. ప్యాకేజింగ్ అచ్చులో 2 వరకూ సాధారణంగా ఒప్పుకుంటారు. 12 అంటే చూసేవారెవరైనా ‘ఇది వేరే రంగు కదా’ అంటారు. డిజైనర్ ఎంత గొప్పవాడైనా, స్క్రీన్ మీద నారింజ ఎంత ధగధగలాడినా, నాలుగు చుక్కల అచ్చు అక్కడికి చేరదు.

దారి ఒకటే, ఆ షేడ్ కోసం విడిగా ఒక సిరా కలపడం. దీన్ని స్పాట్ కలర్ అంటారు. అచ్చు కర్మాగారాల్లో ఇంక్ కిచెన్ అనే గది ఉంటుంది. అక్కడ మూల సిరాలను గ్రాముల లెక్కన తూచి కలుపుతారు. మన నారింజకు పసుపు, ఎరుపు సిరాలు, పలచన చేసే పారదర్శక మాధ్యమం సరిపోతాయి. కలిపిన సిరాను ఏ కాగితం దొరికితే దాని మీద కాకుండా, అసలు లేబుల్ వచ్చే రేకు ముక్క మీదో ఫిల్మ్ మీదో వేసి, పైన వార్నిష్ కూడా పూసి, అప్పుడు కొలుస్తారు. 58.5, 59, 65.2 వచ్చిందంటే దూరం 1.4కు దిగింది. ఇక ఆ సిరాతో అచ్చు మొదలుపెట్టొచ్చు.

ఒక కంపెనీకి ఎనామిల్‌లో 50, 60 షేడ్లు ఉంటే ప్రతిదానికీ కొత్త లేబుల్ చేయాలా? అక్కర్లేదు. పేరు, బొమ్మ, సూచనలు అన్నీ నాలుగు రంగుల్లో ఉమ్మడిగా అచ్చు వేసి, చిందు ఉండాల్సిన చోటు తెల్లగా వదిలేస్తారు. ఆ తర్వాత ఐదో యూనిట్‌లో సిరా మార్చుకుంటూ ఒక్కో షేడ్‌కు కావలసినన్ని తీస్తారు. తక్కువ సంఖ్యలో కావాలంటే నారింజ, ఆకుపచ్చ, ఊదా సిరాలు అదనంగా ఉన్న ఏడు రంగుల యంత్రాలున్నాయి. వాటితో అన్ని షేడ్లూ రావు గానీ నాలుగు రంగులతో పోలిస్తే చాలా దూరం వెళ్లొచ్చు.

ఇంత కష్టపడ్డాక కూడా చాలాచోట్ల పని చెడేది ఒక చిన్న కాగితం దగ్గర. పెయింట్ ల్యాబ్ పంపిన మూడు అంకెలను అచ్చువాళ్లు అలాగే తమ కంప్యూటర్‌లో కొట్టేస్తారు. కాని పెయింట్ పరిశ్రమ సాధారణంగా డి65 అనే పగటి వెలుగును ప్రమాణంగా పెట్టుకుని, కంటికి 10 డిగ్రీల విశాలమైన చూపుతో లెక్క కడుతుంది. అచ్చు పరిశ్రమ కాస్త పసుపు తిరిగిన డి50 వెలుగుతో, 2 డిగ్రీల ఇరుకైన చూపుతో లెక్క వేస్తుంది. పరికరాలు వెలుగు వేసే తీరు కూడా వేరు. పెయింట్ ల్యాబ్‌లో తరచుగా ఉండే గోళాకారపు పరికరం నిగనిగను కూడా కలుపుకొని కొలవగలదు. అచ్చువాళ్ల పరికరం 45 డిగ్రీల వాలులో వెలుగు వేసి నిగనిగను పక్కకు నెడుతుంది. ఒకే పూతను ఇద్దరూ కొలిస్తే వేర్వేరు అంకెలు వస్తాయి. ఇద్దరూ అబద్ధమాడలేదు, కానీ ఒకరి అంకెను ఇంకొకరు వాడుకుంటే లేబుల్ తప్పుతుంది. అందుకే పద్ధతి తెలిసినవాళ్లు అంకెల కాగితం పంపరు, ఆరిన పూత ఉన్న కార్డునే పంపుతారు. అచ్చువాళ్లు దాన్ని తమ పరికరంతో తామే కొలుచుకుంటారు. కొరియర్ ఖర్చు తప్ప ఇందులో కష్టమేమీ లేదు, అయినా చాలామంది ఈ మెయిల్‌తోనే సరిపెట్టుకుంటారు.

వెలుగు ఇంకో చోటా దెబ్బతీస్తుంది. పెయింట్‌లోని నారింజ పిగ్మెంటు, సిరాలోని నారింజ పిగ్మెంటు ఒకటి కాకపోవచ్చు. పగటి వెలుగులో రెండూ ఒకేలా కనబడి, షాపులోని పసుపు బల్బు కింద విడిపోతాయి. దీన్ని కనిపెట్టడానికి అచ్చు కర్మాగారాల్లో ఒక పెట్టె ఉంటుంది, మీట నొక్కితే పగటి వెలుగు, ట్యూబ్‌లైట్, పాత బల్బు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. మూడింటి కిందా కార్డూ, లేబులూ కలిసే ఉంటేనే ఆ సిరా పాసైనట్టు.

చిందు బొమ్మలోనూ మెలిక ఉంది. చిందు అంటే చదునైన మచ్చ కాదు. ఒకచోట మెరుపు, ఒకచోట నీడ, అంచున పలచబడిన పొర. ఇన్ని ఛాయల్లో షేడ్ ఏది? బొమ్మ మధ్యలో కనీసం బొటనవేలు ఆనేంత చోటు మెరుపూ నీడా లేకుండా నిండు రంగుగా ఉండాలి. పరికరం కొలిచేదీ, కొనేవాడి కన్ను ఆనేదీ అక్కడే. చాలా లేబుళ్లలో ఆ చోటు అసలుండదు. త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో తయారైన చిందు గాజులా తళతళలాడుతూ, సగం తెల్లని మెరుపులతో, సగం నల్లని నీడలతో నిండి ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది, షేడ్ మాత్రం తెలియదు.

నీడ విషయంలో ఒక ముచ్చట ఈ పనివాళ్లందరికీ తెలుసు. పసుపు చిందుకు నీడ వేయడానికి నలుపు చుక్కలు కలిపితే అది ఆలివ్ ఆకుపచ్చ తిరుగుతుంది. నారింజకు కలిపితే మట్టిరంగు వస్తుంది. ‘గోల్డెన్ ఎల్లో’ డబ్బా మీది చిందు అంచులు పాచిపట్టినట్టు కనబడితే కారణం ఇదే. పసుపుకు నీడ నారింజ వైపు నుంచి, నారింజకు ఎరుపు వైపు నుంచి తేవాలి. అంటే అందరికీ ఒకే చిందు బొమ్మ తీసుకుని రంగు మాత్రం మారిస్తే సరిపోదు. షేడ్ల కుటుంబం ఒక్కోదానికి నీడ ప్లేటు వేరుగా చేయాలి.

ఇక ఇంటి గోడలకు వేసే ఎమల్షన్ దగ్గరికి వస్తే ఇంకో ప్రశ్న. ఏ రంగుకు సరిపోలాలి? తడి రంగుకా, ఆరిన రంగుకా? ఎమల్షన్‌లోని బైండర్ తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉంటుంది. నీరు ఆరిపోతుంటే దాని రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పారదర్శకమైన పొరగా మారతాయి. ఆ తెలుపు పోవడంతో గోడ మీద రంగు ముదురుతుంది. కాబట్టి బకెట్‌లోంచి నిజంగానే రంగు చిమ్మి, ఫోటో తీసి, ఆ ఫోటోనే లేబుల్ మీద వేసినా అది గోడ రంగు కాదు. అందులోనూ మ్యాట్ ఎమల్షన్ గోడ మీద నిగనిగ లేకుండా ఆరుతుంది. నిగనిగలాడే లేబుల్ మీద అదే రంగు మరింత ముదురుగా, చిక్కగా కనిపిస్తుంది. ఇలాంటి బకెట్లకు చిందు భాగంలో మాత్రమైనా మ్యాట్ వార్నిష్ వేస్తే రంగు గోడకు దగ్గరవుతుంది.

అసలు ఈ రోజుల్లో ఎమల్షన్ షేడ్లలో చాలా భాగం ఫ్యాక్టరీలో తయారు కావు. షాపులో టింటింగ్ మెషిన్ ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చేది బేస్ మాత్రమే. కస్టమర్ చెప్పిన షేడ్ కోడ్ కొడితే, మెషిన్‌లోని డజనుకు పైబడిన కలరెంట్ల నుంచి కావలసినవి చుక్కల లెక్కన బేస్‌లో పడతాయి. షేకర్‌లో పెట్టి కుదిపితే షేడ్ తయారు. డీప్ బేస్ అనేదాంట్లో తెల్ల పిగ్మెంటు చాలా తక్కువ, అందులోంచి మెరూన్ రావచ్చు, బాటిల్ గ్రీన్ రావచ్చు. బకెట్ అచ్చయినప్పుడు ఆ సంగతి ఎవరికీ తెలియదు. అలాంటి బకెట్ మీద ఒకే రంగు చిందు వేసి, దాని పక్కనే నలుపు తెలుపు స్టిక్కర్ మీద వేరే షేడ్ పేరు అంటించడం కొనేవాడిని తికమక పెట్టడమే. ఇక్కడ చిందును షేడ్‌కు సరిపోల్చే మార్గం లేదు కాబట్టి, బేస్ బకెట్ల మీద ఏడెనిమిది రంగులు కలిసి ఎగసే చిందో, అసలు రంగు లేని బొమ్మో వేయడమే నిజాయితీ. దీనికి షాపువాళ్ల దగ్గర ఎప్పటినుంచో ఉన్న పద్ధతి మేలు. కలిపిన రంగును వేలితోనో పుల్లతోనో మూత మీద ఒక మచ్చ పెడతారు. ఏ ముద్రణా దాన్ని మించలేదు, ఎందుకంటే అది ఆ బకెట్‌లోని రంగే.

అన్నీ సరిగా చేసిన లేబుల్ కూడా షాపు ముందు ఎండలో నిలబడితే మాట తప్పుతుంది. అచ్చు సిరాల్లో పసుపు, మెజెంటా ఎండకు త్వరగా వెలుస్తాయి. సయాన్, నలుపు ఎక్కువకాలం నిలుస్తాయి. అందుకే గుమ్మం దగ్గర నెలల తరబడి పేర్చిన డబ్బాల మీది చిందులు నీలంగా, బూడిదగా మారిపోతాయి. ఉన్ని గుడ్డ వెలిసే తీరుతో పోల్చి సిరా ఎండను ఎంత తట్టుకుంటుందో 1 నుంచి 8 వరకూ కొలిచే పద్ధతి ఒకటుంది. చిందు సిరాను దాంట్లో కనీసం పై సగంలో ఉండేలా ఎంచుకోమని కంపెనీలు అడగాలి. ధర కాస్త పెరుగుతుంది.

తన చేతిలోని డబ్బా మీద చిందు నమ్మదగ్గదో కాదో కొనేవారే కొంతవరకు పట్టుకోవచ్చు. ఫోన్ కెమెరాను బాగా దగ్గరికి పెట్టి జూమ్ చేసి, చిందు మధ్యలో నిండుగా ఉన్న భాగాన్ని చూడాలి. పసుపు, మెజెంటా చుక్కలు పువ్వు రేకుల్లా అల్లుకుని కనబడితే అది నాలుగు రంగుల అచ్చు, అంటే రంగు సుమారుగానే ఉంటుంది. చుక్కల్లేకుండా ఒకే సిరా నున్నగా పరుచుకుని ఉంటే ఆ షేడ్ కోసం సిరా కలిపారని అర్థం. అప్పుడు కూడా అది సరిపోలిందన్న హామీ లేదు, ప్రయత్నం జరిగిందన్నది మాత్రం ఖాయం.

గేటుకో కిటికీలకో రంగు కొనేటప్పుడు చిందును చూసి షేడ్ ఖాయం చేసుకోవద్దు. అసలు పెయింట్ పూసి తయారుచేసిన షేడ్ కార్డు అడగండి, అచ్చువేసిన బ్రోచర్ కాదు. దాన్ని షాపు బయటికి తెచ్చి పగటి వెలుగులో చూడండి. కలిపించుకున్న రంగైతే మూత మీద మచ్చ పెట్టించి, అది పూర్తిగా ఆరాక కార్డుతో పోల్చి చూడండి. ఒకటికి మించి డబ్బాలు కొంటుంటే అన్నింటి మీదా బ్యాచ్ నంబర్ ఒకటే ఉందో లేదో బిల్లు కట్టేముందే చూసుకోండి.